అండమాన్ టికెట్ కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పిల్లల్ని ఎల్‌టీసీ మీద, అంటే కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు ఛార్జీలిచ్చే సెలవు ప్రయాణం మీద, అండమాన్ తీసుకెళ్తున్నావని, టికెట్లు ఫోన్ యాప్‌లో ఆఫర్‌లో దొరుకుతున్నాయని మీ అమ్మ చెప్పింది. కొనకముందే ఈ ఉత్తరం చదువు. రిటైరయ్యేదాకా నేను చూసింది ఇలాంటి బిల్లులే కదా.

2022 జనవరిలో ఎయిర్ ఇండియా ప్రైవేటు అయ్యాక, ఎల్‌టీసీలో ఏ సంస్థ విమానమైనా ఎక్కొచ్చు. కానీ టికెట్ మాత్రం బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడు ప్రభుత్వ ట్రావెల్ ఏజెన్సీల్లో ఒకదాని దగ్గరే కొనాలి. విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కొన్నా చెల్లదు. యాప్‌లో వెయ్యి రూపాయలు తక్కువకే వచ్చిందని వాదిస్తే ఆఫీసు బిల్లుల సెక్షన్‌లో వినరు, ఎందుకంటే వాళ్లు ముందు చూసేది ధర కాదు, టికెట్ ఎక్కడ కొన్నావన్నది.

నీ జీతం లెవెల్ 7 కాబట్టి మామూలుగా నీకు వచ్చేది రైల్లో ఏసీ టూ టైర్. అండమాన్‌కు మాత్రం ప్రత్యేక సడలింపు ఉంది, దాని గడువు 2026 సెప్టెంబర్ 25. అదైనా కోల్‌కతా, చెన్నై, విశాఖల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఎకానమీ విమానానికే. హైదరాబాద్ నుంచి విశాఖ దాకా నీకు రైలు ఛార్జీయే లెక్క. అందుకే రాత్రి రైల్లో విశాఖ చేరి, అక్కడ విమానం ఎక్కితే బిల్లులో పేచీ ఉండదు. హైదరాబాద్‌లోనే విమానం ఎక్కాలని పిల్లలు మారాం చేస్తే ఆ తేడా నీ జేబులోంచే.

సొంతూరు వెళ్లేందుకిచ్చే ఎల్‌టీసీని అండమాన్‌కు మార్చుకుంటున్నావు కదా. ఉద్యోగం చేసే ఊరూ సొంతూరూ ఒకటే అయితే ఆ వెసులుబాటు లేదు. నీ సొంతూరు రికార్డులో రాజమండ్రి అని ఉంది కాబట్టి సరిపోయింది.

ఇక బుకింగ్. ప్రయాణానికి 21 రోజుల ముందే కొను. నువ్వు ఎంచుకున్న మూడు గంటల స్లాట్‌లో, వీలైతే మధ్యలో ఆగని విమానాల్లో, అన్నిటికంటే తక్కువ ధరది తీసుకోవాలి. ఉదాహరణకు ఒకే స్లాట్‌లో 7,200కి ఒకటి, 8,100కి ఒకటి కనిపిస్తే, రెండోదాని టైమ్ నీకు బాగుందన్నది కారణం కాదు. డబ్బు కట్టే ముందే ఆ ధరల పేజీని ప్రింట్ తీసి పెట్టుకో. మర్నాడు తీస్తే ధరలు మారిపోయి, నువ్వు ఎక్కువ ధరది కొన్నట్టు కనిపిస్తుంది. చాలామంది బిల్లులు ఇక్కడే ఆగుతాయి. హోటల్ కలిపిన ప్యాకేజీ జోలికి పోకు, అందులో విమాన ఛార్జీ ఎంతో విడిగా తేలదు.

అడ్వాన్స్ 90 శాతం దాకా ఇస్తారు. తీసుకుంటే పది రోజుల్లో టికెట్లు చూపించాలి, తిరిగొచ్చాక నెలలోపు బిల్లు పెట్టాలి. తీసుకోకపోతే మూడు నెలల టైమ్ ఉంటుంది. సెలవు మంజూరు కాగితం చేతికొచ్చాకే టికెట్ కొను.

మీ మామయ్య

బోర్డింగ్ పాసులు నీ దగ్గరే ఉంచుకో, పిల్లల చేతికివ్వకు.