జింకు లోపం కాదు, సీసా మీద లెక్క తప్పింది

ప్రశ్న: నాటిన 14 రోజులకు ఎకరం వరిలో బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం కలుపు మందు కొట్టాను. సీసా మీద అక్షరాలు కనబడక మా అబ్బాయి ఫోన్‌తో ఫొటో తీసి తెలుగులోకి మార్చి చూపించాడు. 200 మి.లీ. అని వచ్చింది, అంతే పోశాను. వారానికే పైరు పసుపెక్కి ఎదుగుదల ఆగింది. డీలరు జింకు లోపం అని జింకు, గ్రోత్ మందు ఇచ్చాడు. కొట్టమంటారా? ఇంకో రెండెకరాలు నాటి పది రోజులైంది, దానికి ఎంత పోయాలి? సీసా ఫొటోలు, పొలం ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: డీలరు ఇచ్చిన రెండు ప్యాకెట్లూ విప్పకుండా వెనక్కి ఇచ్చేయండి. మీ పైరుకు వచ్చింది జింకు లోపం కాదు, మందు దెబ్బ.

పొలం ఫొటోలోనే తెలుస్తోంది. పసుపు రంగు మీరు ట్యాంకు మోసుకుంటూ నడిచిన దారి వెంబడి చారలుగా ఉంది. రెండు చాళ్లు ఒకదానిమీద ఒకటి పడిన చోట ఎక్కువగా ఉంది. గట్టు పక్కన మందు పడని రెండు వరుసలు పచ్చగానే నిలబడ్డాయి. జింకు లోపం ఇలా గీత గీసినట్టు రాదు. పొలంలో అక్కడక్కడ గుంపులుగా మొదలవుతుంది, ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పడతాయి, ఆకును వంచితే చిటుక్కున విరుగుతుంది. మీరు దగ్గరగా తీసి పంపిన ఆకు మీద ఒక్క మచ్చ కూడా లేదు.

ఇప్పుడు చేయాల్సింది తక్కువే. ఈ దెబ్బకు విరుగుడు మందంటూ లేదు. పొలంలో ఉన్న నీరు ఒకసారి తీసేసి, కొత్త నీరు రెండు అంగుళాలకు మించకుండా పెట్టండి. పది రోజుల పాటు ఏ మందూ కొట్టకండి, యూరియా కూడా ఆపండి. సాధారణంగా పది, పదిహేను రోజుల్లో లోపలి నుంచి పచ్చటి కొత్త ఆకు వస్తుంది. అది కనబడ్డాక యూరియా వేసుకోండి. పసుపెక్కిన పాత ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి కంగారుపడొద్దు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ 200 మి.లీ. హెక్టారుకు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు, కాబట్టి ఎకరాకు 80 మి.లీ. చాలు. ఎకరాకు వంద మి.లీ. వరకు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎలా చూసినా 200 కాదు. మీరు రెండున్నర రెట్లు పోశారు.

మీ అబ్బాయిని తిట్టకండి. ఫొటో పట్టికలో అంకెలన్నీ సరిగ్గానే వచ్చాయి: 20, 200, 300. కానీ అంకెల పైనున్న వరుస ఫొటోలో సగం తెగిపోయింది, ‘హెక్టారుకు’ అన్న మాట ఉండేది అక్కడే. అంకె ఒక్కటే మిగిలితే మనం ఎకరా అనుకుంటాం, మన కొలత అదే కదా. పురుగు మందులైనా కలుపు మందులైనా లేబుల్ పట్టికలో మోతాదు సాధారణంగా హెక్టారు లెక్కనే ఉంటుంది. ఆ పై వరుస లేని ఫొటోను నమ్మి మందు కలపకండి.

ఆ మూడు అంకెల్లో మొదటిది, 20 గ్రాములు, మందులోని అసలు పదార్థం, మనవాళ్లు టెక్నికల్ అంటారు చూడండి, అది. రెండోది, 200 మి.లీ., సీసాలోంచి మీరు కొలిచి పోసే మందు. మూడోది, 300 లీటర్లు, నీరు. తెలుగులోకి మార్చినప్పుడు మొదటి రెండు గళ్లూ తారుమారైతే చాలా ప్రమాదం. దానికి ఒక చిన్న పరీక్ష ఉంది: మొదటి అంకెను రెండో దానితో భాగించి వందతో గుణించండి. సీసా ముందు వైపు రాసిన శాతం దాదాపుగా రావాలి. మీ మందుకు 20ని 200తో భాగిస్తే 10 శాతం, సరిపోయింది. సుడిదోమకు వాడే పైమెట్రోజిన్ 50 శాతం పొడి మందుకు హెక్టారుకు 150, 300 అని ఉంటుంది. భాగిస్తే 50 శాతం. లెక్క కుదరకపోతే ఆ తెలుగు మాటల్లో ఎక్కడో తేడా ఉన్నట్టే. హెక్టారును ఎకరా అని చదివిన తప్పును మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు, దానికి పై వరుస చూడాల్సిందే.

డీలరు ఇచ్చిన జింకు ప్యాకెట్‌కూ ఇదే వర్తిస్తుంది. జింకు సల్ఫేట్‌లో 21 శాతం రకం ఉంది, 33 శాతం రకం ఉంది, చీలేటెడ్ జింకు 12 శాతం వేరే. లీటరుకు రెండు గ్రాములు అని మేం చెప్పేది 21 శాతం దానికి. శాతం చూడకుండా ‘జింకు, రెండు గ్రాములు’ అని చెప్పేవాడు సలహా చెప్పడం లేదు, సరుకు అమ్ముతున్నాడు. పైరును చూడకుండానే లోపం పేరు చెప్పాడంటే ఆ అనుమానం మీకే రావాలి.

రెండో ఫొటో చూసి నాకు నిజంగా భయం వేసింది. జాగ్రత్తల భాగంలో మీ ఫోన్ ‘వాంతి చేయించండి’ అని చూపించింది. సీసా గుండ్రంగా ఉంటుంది, ఎదురుగా ఒక్క ఫొటో తీస్తే రెండు అంచులూ వంగి కనబడవు. ఇంగ్లిషులో ‘చేయొద్దు’ అన్న మాట వాక్యం మొదట్లో, అంటే ఎడమ అంచున ఉంటుంది. మీ ఫొటోలో తెగింది సరిగ్గా అక్కడే. తెలుగులో ‘రాదు’, ‘కూడదు’ చివర్లో వస్తాయి, కుడి అంచు తెగితే అవి పోతాయి. మందు మింగినవాళ్లకు కొన్నింటికి వాంతి చేయించమంటారు, కొన్నింటికి అస్సలు వద్దంటారు. ముఖ్యంగా నూనె లాంటి ద్రావకంలో కలిపిన మందు వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ప్రాణం తీస్తుంది. అందుకే ఈ భాగాన్ని ఫోన్ మాట మీద పాటించొద్దు. ఎవరికైనా ఏమైనా అయితే సీసాను సీసాగానే పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. డాక్టరుకు కావాల్సింది మీ తెలుగు ఫొటో కాదు, మందు అసలు పేరు.

ఇంతకీ సీసాతో పాటు మడిచిన కాగితం వచ్చి ఉండాలి, చూశారా? 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం దాన్ని ప్రాంతీయ భాషలోనూ అచ్చు వేయాలి. అక్షరాలు చీమ తలంత ఉంటాయి, నాకే కళ్లద్దాలు కావాలి. ఫోన్‌తో ఆ తెలుగు కాగితాన్నే ఫొటో తీసి పెద్దది చేసి చదువుకోండి. అప్పుడు మార్చాల్సిన పనే లేదు. డీలరు ఆ కాగితం ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, బ్యాచ్ నంబరు రాసిన బిల్లుతో సహా.

మిగిలిన రెండెకరాలకు 160 మి.లీ. చాలు. నాటి పది రోజులైందంటున్నారు కాబట్టి ఈ నాలుగు రోజుల్లో, కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే కొట్టండి. ముందు పొలంలో నీరు తీసేసి కలుపు మొక్కలు పైకి కనబడేలా చేయండి. ఎకరాకు 16 లీటర్ల ట్యాంకులు ఎనిమిది పడతాయి, ట్యాంకుకు 10 మి.లీ. మందు. సీసా మూతతో కాదు, కొలత గీతలున్న గ్లాసుతో కొలవండి. కొట్టిన 48 గంటల తర్వాత, 72 గంటలు దాటకుండా మళ్లీ నీరు పెట్టండి. ఒకసారి మందు పడిన చాలు మీద మళ్లీ నడవొద్దు.

కలిపే ముందు సీసాను తిప్పుతూ మూడు ఫొటోలు, పట్టిక పై వరుసతో సహా తీసి, తెలుగులోకి మార్చకుండా నాకు పంపండి.