‘చదివాను’లో ఎవరు, ఎప్పుడు?

సందేహం: “‘చదివాను’ అన్నాక ‘నేను’ అని మళ్లీ చెప్పనక్కర్లేదు కదా. ఎవరు, ఒకరా చాలామందా, ఎప్పుడు అన్న మూడూ క్రియ చివర్లోనే తెలిసిపోతున్నాయి. ఒక్క ప్రత్యయం ఇన్ని పనులు ఎలా చేస్తుంది? ఒక క్రియకు అన్ని రూపాలూ రాసి చూపించగలరా?”

సమాధానం: అక్కడున్నది ఒక్క ముక్క కాదు, రెండు. ‘చదివ్’ వరకు ‘చదువు’ అనే ధాతువు రూపం. దాని తర్వాత వచ్చే ‘ఆ’ భూతకాలాన్ని చెబుతుంది. చివరి ‘ను’ పురుషనూ వచనాన్నీ చెబుతుంది. ఈ రెండో ముక్కను మాత్రం ఇంక విడదీయలేం. ‘ను’కు బహువచనం కావాలంటే దానికి ‘లు’ చేర్చం. ‘ను’ తీసేసి ‘ము’ పెడతాం.

భూతకాలం మొత్తం చూడండి. నేను చదివాను, మేము చదివాము, నువ్వు చదివావు, మీరు చదివారు, వాడు చదివాడు, ఆమె లేదా అది చదివింది, వాళ్లు చదివారు, అవి చదివాయి. ‘మనం’ అన్నా ‘మేము’ అన్నా క్రియ ఒకటే, మాటల్లో అది ‘చదివాం’ అవుతుంది. చివరి అక్షరాలు పక్కనున్న సర్వనామాలకు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి: మేముకు ము, మీరుకు రు, వాడుకు డు, అదికి ది. అందుకే సర్వనామం లేకపోయినా వాక్యం నిలబడుతుంది. అయితే ‘చదివారు’ ఒక్కటే వింటే మీరో, వాళ్లో, గౌరవంగా చెప్పిన ఒక్క మనిషో తెలియదు. అక్కడ సర్వనామమో సందర్భమో తోడు కావాలి.

ఇప్పుడు ‘ఆ’ తీసి ‘తా’ పెట్టండి. చదువుతాను, చదువుతాము, చదువుతావు, చదువుతారు, చదువుతాడు, చదువుతుంది, చదువుతారు, చదువుతాయి. చివరి అక్షరాలు ఒక్కటీ మారలేదు, కాలం మారింది. దీన్ని భవిష్యత్తు అంటాం గానీ, ‘రోజూ చదువుతాను’ అనే అలవాటుకూ ఇదే రూపం. రేపటి సంగతా, రోజూ జరిగేదా అన్నది క్రియ చెప్పదు.

రెండు వరుసల్లోనూ ఒక రూపం దారి తప్పినట్టు కనిపిస్తుంది. ‘చదివాది’ అని గానీ ‘చదువుతాది’ అని గానీ ప్రామాణిక భాషలో రాయం. ‘ది’ ముందు ‘ఆ’ పోయి ‘ఇం’, ‘తా’ పోయి ‘తుం’ వస్తాయి. అంటే ఈ ఒక్క చోట కాలం గుర్తు కూడా కర్తను చూసి మారుతోంది. భూతకాలంలో దీని కారణం స్పష్టం. పాత రూపాలు ‘చదివినాను, చదివినాడు, చదివినది’. మొదటి రెండింటిలో ‘ఇన్’ జారిపోయి ‘చదివాను, చదివాడు’ అయ్యాయి. మూడోదానిలో ‘న’ పోలేదు, సున్నగా మారి ‘చదివింది’లో కూర్చుంది. తెలంగాణలో వాడుకలో ఉన్న ‘చదివిండు’లో ఆ సున్న పుంలింగంలో కూడా వినిపిస్తుంది.

వర్తమానం కలగలుపు రూపం. ‘చదువుతూ ఉన్నాను’ కుదించుకుపోయి ‘చదువుతున్నాను’ అయింది. చదువుతున్నాము, చదువుతున్నావు, చదువుతున్నారు, చదువుతున్నాడు, చదువుతున్నది, చదువుతున్నాయి. వీటిలో ‘చదువుతున్నది’ ఇంకా కుదించుకుని ‘చదువుతోంది’ అవుతుంది. ఇప్పుడు జరుగుతున్న పనికి ‘చదువుతుంది’ అని రాసేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. ‘తు’కూ ‘తో’కూ ఉన్న ఈ తేడాను నిలుపుకోవాలని నా పట్టుదల, ఎందుకంటే అది పోతే రోజూ చదివే పిల్లకూ ఈ క్షణంలో చదువుతున్న పిల్లకూ ఒకే మాట మిగులుతుంది.

‘కాదు’ అని చెప్పాల్సి వచ్చేసరికి లెక్క మారుతుంది. చదవను, చదవము, చదవవు, చదవరు, చదవడు, చదవదు, వాళ్లు చదవరు, అవి చదవవు. కాలం ముక్క అసలు లేదు. ధాతువులోని అచ్చు ‘అ’గా మారి, దానికి పురుష అక్షరం నేరుగా అంటుకుంది. ‘నువ్వు’కూ ‘అవి’కీ ఒకే రూపం రావడం కూడా ఇక్కడే.

జరగని భూతకాలంలో దీనికి పూర్తిగా తలకిందులు. నేను చదవలేదు, నువ్వు చదవలేదు, వాళ్లు చదవలేదు. కాలం తెలుస్తోంది, మనిషి మాయం. విడిగా ‘నేను లేను, వాడు లేడు’ అని మారే క్రియే ఇక్కడ ‘లేదు’ దగ్గర గడ్డకట్టిపోయింది. దాన్ని మళ్లీ మార్చితే అర్థమే వేరు: ‘చదవలేను’ అంటే చదవడం నా వల్ల కాదని. మిగతా కర్తలకు ఈ రెండూ విడిగా ఉంటాయి గానీ, ‘ఆమె’కూ ‘అది’కీ మాత్రం ‘చదవలేదు’ రెండర్థాలకూ ఒకటే. చదవలేదనా, చదవడం ఆమెకు చేతకాదనా? రాసేటప్పుడు ఈ అనుమానం వచ్చే చోట, రెండో అర్థానికి ‘చదవలేకపోతోంది’ అనో ‘ఆమెకు చదవడం రాదు’ అనో రాయండి.