కొసరు అడిగిన బాబాయికి ఏమని చెప్పాలి?

"బెంగళూరులో డిజైన్ కోర్సు మూడో సంవత్సరం చదువుతున్నాను. బీటీఎం లేఔట్‌లో క్యాటరింగ్ నడిపే మా ఊరి బాబాయికి అయిదు పేజీల వెబ్‌సైట్ 30,000 రూపాయలకు ఒప్పుకున్నాను. సగం అడ్వాన్సు ఇచ్చారు. నాలుగు పేజీలు అయ్యాయి, ఫోటోల పేజీ మిగిలింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డర్లు, డబ్బు తీసుకునే ఏర్పాటు కూడా పెట్టమంటున్నారు. పైగా 5,000 తగ్గించమంటున్నారు. కాదంటే ఆయన ద్వారా వచ్చే పనులు కూడా పోతాయేమోనని భయం."
– ఒక విద్యార్థిని

ఆయనతో మాట్లాడే ముందు మీరు కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. ఒప్పుకున్న పనికి అరవై గంటలు పడుతుందనుకుందాం. అంటే గంటకు 500 రూపాయలు. ఆయన అడిగిన కొసరు ఆయన కంటికి ఒక బటన్ మాత్రమే. దాని కోసం ఆయన పేరున పేమెంట్ గేట్‌వే ఖాతా తెరవాలి, పాన్, బ్యాంకు వివరాలతో కేవైసీ చేయించాలి. కస్టమరు ఖాతాలోంచి డబ్బు పోయి ఆర్డరు నమోదు కాకపోతే ఏం చేయాలో, రద్దు చేసినవారికి డబ్బు ఎలా వాపసు వెళ్లాలో ఒక్కొక్కటీ సరిచూడాలి. ముప్పై గంటలైనా పడుతుంది. తొంభై గంటల పనిని 25,000కు చేస్తే మీకు దక్కేది గంటకు దాదాపు 278 రూపాయలు. కొసరు అసలునే మింగేస్తోందన్నమాట. ఈ లెక్క ఆయనకు చూపించనక్కరలేదు. మీ గొంతు తడబడకుండా ఉండటానికి మీ దగ్గర ఉంటే చాలు.

పెద్దవారు కాబట్టి ముందు ఫోను చేసి మాట్లాడండి. ఆ సాయంత్రమే అవే మాటలు వాట్సాప్‌లో రాసి పంపండి. ఇలా రాయవచ్చు:

"బాబాయ్, ఆన్‌లైన్ ఆర్డర్లు మీ వ్యాపారానికి బాగా పనికొస్తాయి. కానీ అవి మనం అనుకున్న అయిదు పేజీల్లో లేవు కాబట్టి ఈ 30,000లో చేయలేను. విడిగా అయితే 15,000 అవుతుంది, మూడు వారాలు పడుతుంది. ఇప్పుడు వద్దనుకుంటే అయిదో పేజీ శుక్రవారానికి పూర్తి చేసి ఇస్తాను. 25,000లోనే ముగించాలంటే ఫోటోల పేజీ లేకుండా నాలుగు పేజీలతో ఇస్తాను. ఎలా చేయమంటారో చెప్పండి."

ఇందులో "చేయలేను" అన్న మాటను మెత్తబరచకండి. "కొంచెం కష్టం బాబాయ్, చూస్తాను" అంటే, అడిగినవారికి అది సరేననే వినిపిస్తుంది. నేను కొత్తలో నాలుగు పేజీల బ్రోషరు పనిలో ఇంకో నాలుగు అడిగితే మొహమాటానికి "చూద్దాం" అన్నాను. వారం తర్వాత ఆ పెద్దమనిషి ఎనిమిది పేజీలు ఎప్పుడిస్తావని అడిగారు. నాలుగింటి డబ్బుకే అన్నీ చేసి ఇచ్చాను, తప్పు నాదే మరి.

హాస్టల్ ఫీజు, పరీక్షలు వంటి కారణాలు కూడా చెప్పకండి. పరీక్షలంటే అయ్యాక చేయమంటారు. ఒప్పందంలో లేదన్న కారణానికి అలాంటి విరుగుడు లేదు.

తగ్గింపు విషయంలో నాది ఒకటే మాట: డబ్బు తగ్గితే పనీ తగ్గాలి. అదే పనిని అడగ్గానే 25,000కు ఇచ్చేస్తే, మొదట చెప్పిన 30,000లో 5,000 ఊరికే కలిపారని ఆయన అనుకుంటారు. ఆయన పంపించే తర్వాతి మనిషి బేరాన్ని 25,000 దగ్గరే మొదలుపెడతారు.

"మనవాళ్ల మధ్య కూడా ఈ లెక్కలేనా?" అని ఆయన అనవచ్చు. "మనవాళ్లు కాబట్టే ముందే చెబుతున్నాను బాబాయ్" అని చెప్పి ఊరుకోండి. అవతల నిశ్శబ్దం భరించలేక చాలామంది తామే "పోనీ, రెండు వేలు తగ్గిస్తాను" అనేస్తారు. ఆయన అడగకముందే మీరు దిగిపోకండి.

విషయం తేలాక, మీకు మనసుంటే వాట్సాప్ బటన్ ఒకటి పెట్టి ఇవ్వండి. కస్టమర్లు దాన్ని నొక్కి ఆర్డరు సందేశం పంపుతారు, డబ్బు యూపీఐలో తీసుకోవచ్చు. మీకు అరగంట పని, ఆయన అవసరం ఇప్పటికి తీరుతుంది. అయితే బిల్లులో దాని ధర 500, తగ్గింపు 500 అని రాయండి. రాయకపోతే అది ఉచితమని కాదు, అసలు పనే కాదని అనుకుంటారు.

మిగిలిన డబ్బు చేతికి వచ్చేవరకు వెబ్‌సైట్‌ను అసలు చిరునామాలో పెట్టకుండా, తాత్కాలిక పరీక్ష చిరునామాలోనే చూపించండి. డొమైన్ మాత్రం ఆయన పేరునే ఉండాలి, దాన్ని పట్టుకుని డబ్బు అడిగితే ఊళ్లో మీ మాట పోతుంది.

రెండు నెలలయ్యాక ఒకసారి ఫోను చేసి, వాట్సాప్‌లో రోజుకు ఎన్ని ఆర్డర్లు వస్తున్నాయో అడగండి. చేత్తో రాసుకోలేనన్ని వస్తున్నాయంటే ఆ 15,000 పని మాట ఆయనే ఎత్తుతారు.