పెండింగ్ ఎంట్రీ చెల్లింపు కాదు. అయినా మీకొక దావా ఉంది

ప్రశ్న: నా డెబిట్ కార్డు ఖాతాలో 25,000 ఉండగా ఒక హోటల్లో దిగాను. గది ఖాళీ చేసిన రోజున చూస్తే 12,000 ఒకసారి, 9,500 ఒకసారి పోయినట్టు యాప్‌లో కనిపించింది. నా బిల్లు 9,500 మాత్రమే. రెండు రోజులకు రావలసిన 8,000 రుణ వాయిదా నిల్వ చాలక తిరిగిపోయింది, బ్యాంకు జరిమానా వేసింది. ఆ 12,000 తాము తీసుకోలేదంటూ హోటల్ వాళ్లు ఎంతో నిర్లక్ష్యంగా మాట్లాడారు, నేను పడిన అవమానం చెప్పలేను. వారం తర్వాత ఆ 12,000 ఎంట్రీయే మాయమైంది, వాపసు వచ్చినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఈ రెండు లావాదేవీలూ నావి కావని బ్యాంకుకు రాసివ్వమని మిత్రుడు అంటున్నాడు. నా 12,000 రాబట్టుకోవడానికి ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: హోటల్ సిబ్బంది మాటతీరు ఈ వ్యవహారాన్ని తేల్చదు. తేల్చేది ఒకే అంశం: ఆ 12,000 క్యాప్చర్ అయిందా, అంటే నిజంగా మీ ఖాతా నుంచి పోయిందా, లేక తాత్కాలికంగా పక్కన పెట్టిన హోల్డ్‌గానే మిగిలిపోయిందా? మీరు రాసినదాన్ని బట్టి అది క్యాప్చర్ కాలేదు. కాబట్టి రాబట్టుకోవడానికి 12,000 అనేదే లేదు, దాని కోసం కేసు వేస్తే మొదటి విచారణలోనే వీగిపోతుంది. మీకు నిజంగా ఉన్న దావా తిరిగిపోయిన రుణ వాయిదాకు సంబంధించినది, దాని గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

కార్డు చెల్లింపు రెండు వేర్వేరు దశల్లో జరుగుతుంది. మొదటిది ఆథరైజేషన్: వ్యాపారి యంత్రం మీ బ్యాంకును ఇంత మొత్తానికి అనుమతి అడుగుతుంది, బ్యాంకు సరేనని ఒక ఆథరైజేషన్ కోడ్ ఇచ్చి, ఆ మొత్తాన్ని మీరు వేరేచోట వాడుకోకుండా పక్కన పెడుతుంది. దాన్నే హోల్డ్ అంటారు. ఈ దశలో మీ ఖాతా నుంచి డబ్బు బయటికి పోదు. లెడ్జర్ నిల్వ అలాగే ఉండి, వాడుకోగల నిల్వ మాత్రమే తగ్గుతుంది. రెండో దశ క్యాప్చర్: తనకు రావలసిన అసలు మొత్తం ఇదీ అని వ్యాపారి తన బ్యాంకు ద్వారా దాఖలు చేసినప్పుడే డబ్బు చేతులు మారుతుంది, ఎంట్రీ పెండింగ్ నుంచి స్థిరపడుతుంది. రెండో దశ రాకపోతే హోల్డ్ గడువు తీరి రాలిపోతుంది, లేదా ఆ అనుమతిని రద్దు చేస్తూ వ్యాపారి రివర్సల్ పంపితే అంతకు ముందే తొలగిపోతుంది. పోని డబ్బుకు వాపసు ఉండదు కనుక వాపసు ఎంట్రీ కూడా ఉండదు. మీకు మాయంలా తోచినది ఇదే.

ఇక రెండుసార్లు ఎందుకు కనిపించిందన్న మాట. హోటళ్లు దిగేటప్పుడే అంచనా మొత్తానికి హోల్డ్ తీసుకుంటాయి. ఖాళీ చేసేటప్పుడు గుమాస్తా చేయవలసిన పని, అదే ఆథరైజేషన్ మీద తుది మొత్తం 9,500 వేసి దాన్ని పూర్తి చేయడం. అలా చేస్తే, 9,500 దాఖలైనప్పుడు మీ బ్యాంకు దాన్ని పాత హోల్డ్‌తో జతచేసి హోల్డ్ తీసేస్తుంది. అలా కాక కార్డును మళ్లీ యంత్రంలో పెట్టించి 9,500కు కొత్త అమ్మకం కొడితే బ్యాంకుకు రెండూ సంబంధం లేని వ్యవహారాలుగా కనిపిస్తాయి. పాత హోల్డ్‌ను విడుదల చేయమని ఎవరూ చెప్పరు కనుక అది తన గడువు దాకా అక్కడే కూర్చుంటుంది. మీ విషయంలో ఏది జరిగిందో ఊహించనక్కరలేదు. దిగిన రోజు చీటీ మీద, ఖాళీ చేసిన రోజు చీటీ మీద ఉన్న ఆథరైజేషన్ కోడ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. మామూలుగా రెండూ ఒకటే అయితే పాత ఆథరైజేషన్‌నే పూర్తి చేశారని అర్థం, వేరైతే కొత్త అమ్మకం కొట్టారని అర్థం. చాలామంది పారేసే ఆ రెండు కాగితాలే ఈ కేసుకు ప్రాణం.

డబ్బు నిజంగా దాఖలైందో లేదో తెలుసుకోవడానికి ఇంకొక గట్టి గుర్తు ఉంది. క్లియరింగ్‌కు వచ్చిన లావాదేవీకి, అంటే క్యాప్చర్ అయి బ్యాంకుల మధ్య లెక్క తేలడానికి వచ్చినదానికి, వ్యాపారి బ్యాంకు ఇచ్చే 23 అంకెల అక్వైరర్ రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. కేవలం ఆథరైజేషన్‌గా ఆగిపోయినదానికి అది ఉండదు. మీ బ్యాంకును 9,500కు, 12,000కు విడివిడిగా ఆ నంబర్ అడగండి. మొదటిదానికి ఇచ్చి రెండోదానికి లేదని రాస్తే, హోటల్ ఆ సొమ్ము తీసుకోలేదనడానికి అంతకుమించిన సాక్ష్యం అక్కరలేదు. మీతో అమర్యాదగా మాట్లాడి ఉండవచ్చుగానీ, ఆ ఒక్క విషయంలో హోటల్ వారు చెప్పింది నిజమే.

ఇప్పుడు మీ అసలు దావాకు వద్దాం. హోల్డ్ ఉన్నప్పుడు వాడుకోగల నిల్వ 25,000 నుంచి 13,000కు తగ్గింది. హోటల్ పాత ఆథరైజేషన్‌నే పూర్తి చేసి ఉంటే, ఆ తుది మొత్తం బ్యాంకుకు చేరేలోపు కూడా మీకు 13,000 మిగిలేవి, చేరిన తర్వాత 15,500 మిగిలేవి. ఎలా చూసినా 8,000 వాయిదా చెల్లేది. రెండూ ఒకదాని మీద ఒకటి పడడం వల్లనే నిల్వ 3,500కు దిగజారి వాయిదా తిరిగిపోయింది. నష్టానికీ కారణానికీ ఉన్న లంకె ఇంత శుభ్రంగా లెక్కలోనే దొరకడం అరుదు. కోడ్‌లు వేరుగా ఉంటే, పాత హోల్డ్‌ను విడుదల చేయకుండా కొత్త అమ్మకం కొట్టడం హోటల్ అజాగ్రత్త. అవసరం తీరిన హోల్డ్‌ను త్వరగా వదిలేయవలసిన బాధ్యతను కార్డు నెట్‌వర్క్ నిబంధనలు వ్యాపారి మీదే పెట్టాయి. కోడ్‌లు ఒకటే అయినట్టు తేలితే హోటల్ తన పని తాను సరిగానే చేసింది; అప్పుడు తుది మొత్తాన్ని హోల్డ్‌తో జతచేయడంలో మీ బ్యాంకు ఎందుకు విఫలమైందని బ్యాంకును అడగాలి. ఎవరి మీద అన్న మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు చీటీల్లో ఉంది.

మీ పక్షాన ఉన్న లోపాలు కూడా చెప్పక తప్పదు. దిగేటప్పుడు మీరు సంతకం చేసిన రిజిస్ట్రేషన్ కార్డులో అంచనా మొత్తానికి హోల్డ్ తీసుకుంటామని రాసి ఉండడానికే ఎక్కువ అవకాశం. చదవకుండా సంతకం చేసి, ఇప్పుడు నాకు చెప్పలేదని వాదిస్తే ఎదుటి న్యాయవాది ఆ కాగితమే మీ ముందు పెడతాడు. రుణ వాయిదా పోయే ఖాతాకు చెందిన డెబిట్ కార్డునే ఇలాంటిచోట ఇవ్వడం ఇంకొక తప్పిదం. క్రెడిట్ కార్డు మీద అదే హోల్డ్ పడి ఉంటే తగ్గేది పరపతి పరిమితి మాత్రమే. అన్నిటికన్నా చేటు, 12,000 పెండింగ్‌లో కనిపించినప్పుడు తెర చిత్రం తీసుకోకపోవడం. స్థిరపడని ఎంట్రీ నెలవారీ స్టేట్‌మెంట్‌లోకి సాధారణంగా ఎక్కదు. యాప్‌లో నుంచి పోయిన తర్వాత మీ చేతిలో దాని ఆనవాలే ఉండదు. అయితే బ్యాంకు ఆథరైజేషన్ రికార్డులో ఆ అనుమతి ఏ తేదీన, ఏ సమయానికి, ఎంతకు, ఏ కోడ్‌తో ఇచ్చారో, ఎప్పుడు, రివర్సల్ వల్లనో గడువు తీరడం వల్లనో తొలగిందో ఉంటుంది. ఆ వివరాలను ఫోన్‌లో కాక రాతపూర్వకంగా ఈ వారంలోనే కోరండి. పాత రికార్డులను తవ్వితీయడంలో బ్యాంకులు ఏనాడూ ఉత్సాహం చూపవు.

మీ మిత్రుడి సలహాను మాత్రం దగ్గరికి రానీయకండి. మీరు స్వయంగా కార్డు ఇచ్చి, పిన్ నొక్కి లేదా సంతకం చేసి, ఆ గదిలో ఉండి, ఆ లావాదేవీ నాది కాదని బ్యాంకుకు రాసివ్వడం అబద్ధపు ప్రకటన. బ్యాంకు వెంటనే కార్డు నిలిపివేసి హోటల్‌ను ఆధారాలు అడుగుతుంది. మీ సంతకమున్న కార్డు, చిప్ చదివిన రికార్డు, గది బిల్లు వస్తాయి. అప్పుడు మోసం చేసినవారి స్థానంలో మీరు నిలబడతారు, ఇంత చక్కగా నిలిచే జరిమానా దావా మీద మీ మాటకు విలువ పోతుంది. పైగా 9,500 మీరు న్యాయంగా బాకీపడిన సొమ్ము. దాన్ని ఛార్జ్‌బ్యాక్‌తో, అంటే బ్యాంకు ద్వారా చెల్లింపును తిప్పించి, వెనక్కి లాక్కున్నా బాకీ తీరదు, హోటల్ దాని కోసం విడిగా దావా వేయవచ్చు. ఇక 12,000 మీద ఛార్జ్‌బ్యాక్ అడగడానికి దాఖలైన లావాదేవీయే లేదు కనుక బ్యాంకు దాన్ని స్వీకరించదు.

కాలపరిమితి విషయంలో రెండు గడియారాలను కలపకండి. కార్డు వివాదాలకు నెట్‌వర్క్‌లు ఇచ్చే గడువు వివాదం రకాన్ని బట్టి మారుతుంది, చాలావాటికి 120 రోజులు, కొన్నింటికి ఇంకా తక్కువ. అది సాధారణంగా లావాదేవీ దాఖలైన తేదీ నుంచి నడుస్తుంది, మీరు గమనించిన తేదీ నుంచి కాదు; హోటల్‌తో ఉత్తరాలు నడుపుతున్నంత మాత్రాన ఆగదు. హోల్డ్‌గానే ఆగినదానికి ఆ గడియారం మొదలే కాదు. వాయిదా జరిమానా మీద నష్టపరిహార దావాకు వర్తించేది మీ ప్రాంతపు న్యాయస్థానాల కాలపరిమితి; దాన్ని వాయిదా తిరిగిపోయిన తేదీ నుంచి లెక్కించుకోవడం క్షేమం.

చేయవలసినది ఇది. రెండు చీటీల నకళ్లు, ఖాతా నిల్వల లెక్క, వాయిదా తిరిగిపోయినట్టు రుణసంస్థ ఇచ్చిన పత్రం, జరిమానా వివరం జతచేసి, కోడ్‌లు ఎవరి వైపు చూపితే వారికి లిఖిత నోటీసు పంపండి. అందులో బ్యాంకు వేసిన జరిమానా, రుణసంస్థ ఆలస్య రుసుము, అడిగితే నోటీసు ఖర్చు మాత్రమే కోరండి. అవమానానికి పెద్ద మొత్తం జోడిస్తే చిన్న దావా పెద్ద తగాదా అవుతుంది, వచ్చేది తగ్గుతుంది. అదే ఉత్తరంలో రుణ చరిత్రలో పడిన ఎగవేత గుర్తును సరిచేయడానికి తమ వల్ల జరిగిన పొరపాటును ధ్రువీకరిస్తూ లేఖ ఇవ్వమని కూడా అడగండి. మీకు జరిమానా కన్నా ఆ లేఖ విలువైనది, రాతలో ఇవ్వడానికి వారికి ఖర్చూ లేదు. పదిహేను రోజులు వ్యవధి ఇచ్చి, జవాబు రాకపోతే బ్యాంకు విషయమైతే దాని ఫిర్యాదుల విభాగానికీ, ఆపైన మీ దేశంలో బ్యాంకు ఫిర్యాదులు వినే సంస్థకూ, హోటల్ విషయమైతే వినియోగదారుల వేదికకో చిన్న దావాల న్యాయస్థానానికో వెళ్లండి.

చివరగా, మాయమైన ఎంట్రీని పూర్తిగా మరచిపోకండి. హోటళ్ల ముందస్తు అనుమతులు 30 రోజుల దాకా చెల్లే సందర్భాలు ఉన్నాయి, మీ తెర మీద నుంచి తొలగిన తర్వాత కూడా వ్యాపారి ఆలస్యంగా క్యాప్చర్ దాఖలు చేయగల పరిస్థితి ఏర్పడుతుంది. కనుక ఖాళీ చేసిన తేదీ నుంచి రెండు నెలల స్టేట్‌మెంట్లు చూడండి. ఎప్పుడైనా 12,000 స్థిరపడిన ఎంట్రీగా, అక్వైరర్ రిఫరెన్స్ నంబర్‌తో సహా వస్తే, ఆ రోజే డూప్లికేట్ చెల్లింపు కింద డిస్ప్యూట్ పెట్టండి. 9,500 బిల్లు, ఖాళీ చేసిన తేదీ చూపే చీటీ అప్పుడు మీకు సరిపోయే సాక్ష్యం.