ఫొటోలో చూసి మామిడి పండిందో లేదో చెప్పగలమా?

ప్రశ్న: "తోట నుంచి నేరుగా తెచ్చిస్తానని ఒకాయన వాట్సాప్‌లో సువర్ణరేఖ ఫొటో పంపాడు. పైన బాగా ఎర్రగా ఉన్నాయి, కొన్నిటి మీద నల్ల మచ్చలున్నాయి. ఎల్లుండి ఇంట్లో పూజ. ఇవి పండినట్టేనా, తీసుకోవచ్చా?"

తీసుకోండి, కానీ ఎల్లుండి కోసం మాత్రం కాదండి. మీరు పెట్టిన ఫొటోలో ఎక్కువ శాతం బాగా ముదిరిన కాయలే, ఇంకా మాగలేదు.

మా మేనమామ గారి తోట కొత్తవలస దగ్గర. వేసవిలో కాయలు దింపాక మా అపార్ట్‌మెంట్ వాళ్లకి ఫొటోలు పెట్టి ఆర్డర్లు తీసుకునేది నేనే. సువర్ణరేఖ ఫొటో పెడితే అందరి కళ్లూ ముందు ఎరుపు మీదే పడతాయి, "అబ్బ, పండిపోయాయి" అంటారు. ఆ ఎరుపుకీ పండటానికీ సంబంధం లేదు. ఎండ తగిలిన వైపు తొక్కలో ఆంథోసయనిన్ అనే రంగు చేరుతుంది, అందుకే కాయ చెట్టు మీద గట్టిగా, పుల్లగా ఉన్నప్పుడే భుజాలు ఎర్రబడతాయి. ఆకుల చాటున పెరిగిన కాయకి ఎరుపు తక్కువే ఉంటుంది, పండాక తీపికి మాత్రం ఏ లోటూ ఉండదు.

మీరు చూడాల్సింది ఎరుపు లేని చోటు, అంటే కాయ కింది సగం. అక్కడ ముదురాకుపచ్చ పోయి లేతాకుపచ్చ, ఆ తర్వాత పసుపు వస్తే అది మాగుతున్నట్టు. మీ ఫొటోలో ముందు వరుసకి కింద లేతాకుపచ్చే ఉంది, కుడి పక్క ఒక్క కాయకి మాత్రం పసుపు తిరుగుతోంది. ఇంకొకటి గమనించండి, ట్రేలో పరిచిన న్యూస్‌పేపర్ అంచు కూడా పసుపుగా కనబడుతోంది. బల్బు వెలుతురులో తీసిన ఫొటో అది. కాబట్టి అసలు కాయలు ఇక్కడ కనబడుతున్న దానికంటే పచ్చగానే ఉంటాయి.

ఇక ఆకారం. నా లెక్కలో ఇది రంగు కంటే నమ్మదగినది, ఎందుకంటే వెలుతురు మారినా ఆకారం మారదు. లేత కాయకి ముచ్చిక దగ్గర నుంచి భుజాలు కిందికి జారుతున్నట్టుంటాయి, బుగ్గలు చప్పగా ఉంటాయి. ముదిరేకొద్దీ భుజాలు పైకి లేచి ముచ్చికతో సమానంగానో, ఇంకాస్త ఎత్తుగానో వస్తాయి, ముచ్చిక చిన్న గుంటలో కూర్చున్నట్టు కనిపిస్తుంది, బుగ్గలు నిండుతాయి. మీ ట్రేలో వెనక ఎడమ మూల కాయ చూడండి, భుజాలు జారే ఉన్నాయి, ముచ్చిక చుట్టూ తొక్క అప్పుడే ముడతలు పడుతోంది. అది లేతగా కోసింది. గడ్డిలో వేసినా, గ్యాస్ పెట్టినా పైన రంగు వస్తుందేమో గానీ, లోపల తీపి, వాసన సరిగ్గా రావు. అలాంటివి పక్కన పెట్టమని మొహమాటం లేకుండా అడగండి. ఈ భుజాల లెక్క బంగినపల్లికి, సువర్ణరేఖకి బాగా కుదురుతుంది గానీ, పొడుగ్గా ముక్కుతో ఉండే తోతాపురికి పనికిరాదు.

మచ్చల గురించి టెన్షన్ పడ్డారు కదా, అన్నీ ఒకటి కావు. ముచ్చిక నుంచి కిందికి కారినట్టున్న గోధుమరంగు చార చాలావరకు సొన కారిన మరకే, కోసేటప్పుడు తొడిమ విరిగి జీడి తొక్క మీద పడితే అలా కాలుతుంది, లోపలి గుజ్జుకి ఏమీ కాదు. కొమ్మ రాసుకున్న గరుకు మచ్చ కూడా అంతే. మధ్యలో ఉన్న కాయ మీద గుండ్రంగా, నల్లగా, కాస్త లోపలికి దిగినట్టున్న చుక్కలు మాత్రం ఆంత్రాక్నోస్‌లా ఉన్నాయి. ఆ శిలీంధ్రం పచ్చి కాయలో కదలకుండా ఉండి, పండేటప్పుడు పెరుగుతుంది, చిన్న చుక్కలు పెద్దవై కలిసిపోతాయి. అది కూడా వద్దనండి. ఈగ పొడిచిన గాటు చాలా చిన్నది, ఈ ఫొటోలో పట్టుకోవడం కష్టం.

ఆయన్ని ఇంకో రెండు ఫొటోలు అడగండి, పగటి వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి, ఒకటి కాయ పక్క నుంచి, ఒకటి ముచ్చిక వైపు నుంచి. ఫిల్టర్ వద్దని చెప్పండి. మెత్తదనం, వాసన ఎలాగూ ఫొటోలో రావు కాబట్టి ఆ మాట మాత్రం కాయలు చేతికి వచ్చాకే.

వచ్చాక ఎండుగడ్డిలో గానీ, కాగితం మీద గానీ ఒకే వరుసగా పరచండి, ఫ్రిజ్‌లో పెట్టకండి, పచ్చి కాయ చలికి సరిగ్గా మాగదు. మన విశాఖ మే వేడికి ఇలాంటివి మామూలుగా మూడు నాలుగు రోజుల్లో తయారవుతాయి. పూజకి కావాల్సిన నాలుగు పండ్లు మీ దగ్గర్లోని రైతుబజార్‌లో ముచ్చిక దగ్గర వాసన చూసి విడిగా తెచ్చుకోండి.