ప్రతి రౌండులో నార్మలైజ్ చేస్తే పేజ్‌ర్యాంక్ ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న: పేజ్‌ర్యాంక్ కోసం పవర్ ఇటరేషన్ సొంతంగా రాశాను. ర్యాంకుల మొత్తం 1 ఉండాల్సింది, రౌండు రౌండుకీ తగ్గిపోతోంది. పుస్తకంలో చెప్పినట్టు ప్రతి రౌండు చివర మొత్తంతో భాగిస్తే 1కి వస్తోంది, కన్వర్జ్ కూడా అవుతోంది. కానీ లైబ్రరీ ఇచ్చే అంకెలతో కలవట్లేదు. తప్పెక్కడ?

జవాబు: తప్పు ఆ భాగించడంలోనే ఉంది. సరిగ్గా ఇదే తప్పు నేనూ చేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మొత్తం ఎందుకు తగ్గుతుందో చూద్దాం. నాలుగు పేజీలు తీసుకోండి. క నుంచి ఖకి, గకి లింకులున్నాయి. ఖ నుంచి గకి ఉంది. ఘ నుంచి కూడా గకే ఉంది. గ ఒక పీడీఎఫ్, దాని నుంచి బయటికి ఒక్క లింకూ లేదు. ఇలాంటి వాటిని డాంగ్లింగ్ పేజీలంటారు. అందరికీ తలా 0.25 ఇచ్చి, ప్రస్తుతానికి 0.85 అనే డ్యాంపింగ్ గుణకం సంగతి పక్కన పెట్టి, ఉత్త లింక్ మ్యాట్రిక్స్‌తో గుణించండి. మొదటి రౌండు తర్వాత కకి 0, ఖకి 0.125, గకి 0.625, ఘకి 0 వస్తాయి. మొత్తం 0.75. గ దగ్గర మొదట ఉన్న 0.25 ఎవరికీ పంచలేదు, అది పోయింది. రెండో రౌండులో గ చేతిలోని 0.625 కూడా పోతుంది, ఖ ఇచ్చిన 0.125 మాత్రం గకి మిగులుతుంది. మూడో రౌండుకి అన్నీ సున్నాలే. అడుగున చిల్లున్న బిందెలో నీళ్లు పోసినట్టు.

మ్యాట్రిక్స్ భాషలో చెప్పాలంటే, ప్రతి కాలమ్ మొత్తం 1 అయితేనే పెద్ద ఐగెన్ విలువ 1 అవుతుందన్న హామీ ఉంటుంది. గ కాలమ్ అంతా సున్నాలు కాబట్టి ఆ హామీ పోయింది. ఈ చిన్న ఉదాహరణలోనైతే ఐగెన్ విలువలన్నీ సున్నాలే, వెతుక్కోవడానికి ముఖ్య ఐగెన్ వెక్టర్ అనేదే మిగల్లేదు.

ఇప్పుడు 0.85ని తెద్దాం. మీ కోడ్ బహుశా ఈ సూత్రాన్నే నడుపుతోంది:

```
x = d*P*x + (1-d)/n
```

ఇక్కడ x ర్యాంకుల వెక్టర్, P పైన చెప్పిన లింక్ మ్యాట్రిక్స్, n పేజీల సంఖ్య, d = 0.85. చదివేవాడు వందలో 85 సార్లు లింకు పట్టుకుని వెళ్తాడు, 15 సార్లు ఏదో ఒక పేజీకి దూకుతాడు. ఆ దూకుడు వాటాను మీరు (1-d)/n అనే స్థిరాంకంగా రాశారు. అలా రాయడంలోనే ఒక ఊహ దాగుంది: x మొత్తం 1 అని. అది 1 కానప్పుడు ఆ స్థిరాంకం అర్థం మారిపోతుంది.

పుస్తకం చెప్పిన నార్మలైజేషన్ తప్పు కాదు, దాని చోటు వేరు. మామూలు పవర్ ఇటరేషన్‌లో ప్రతిసారీ ఒక మ్యాట్రిక్స్‌తో గుణించడం తప్ప మరో పని లేదు. వెక్టర్ రెట్టింపైతే ఫలితం కూడా రెట్టింపవుతుంది, కాబట్టి మధ్యలో ఎంతతో భాగించినా దిశ మారదు. పైన రాసినది అలాంటిది కాదు, గుణించాక ఒక స్థిరాంకం కలుపుతోంది. ముందు భాగించి తర్వాత స్థిరాంకం కలిపితే ఆ స్థిరాంకం బరువు ప్రతి రౌండులోనూ మారుతుంది.

ఎంత మారుతుందో కూడా లెక్క తేలుతుంది. ప్రతి రౌండులో భాగించే మొత్తం చివరికి λ దగ్గర స్థిరపడిందనుకుందాం. అప్పుడు మీరు నిజంగా సాధిస్తున్న సమీకరణం ఇది:

```
λ*x = d*P*x + (1-d)/n
```

రెండు వైపులా λతో భాగిస్తే P ముందున్న గుణకం d కాదు, d/λ. అంటే డ్యాంపింగ్ 0.85 అని మీరనుకుంటున్నారు, నడిచేది మరొకటి. మన నాలుగు పేజీల ఉదాహరణలో λ సుమారు 0.44 దగ్గర ఆగుతుంది, కాబట్టి నిజంగా పనిచేస్తున్న డ్యాంపింగ్ 1.94. ఒకటి కంటే ఎక్కువ! గకి రావాల్సింది 0.504, ఇలా చేస్తే 0.661 వస్తుంది. కన్వర్జ్ మాత్రం చక్కగా అవుతుంది, అదే దీనిలోని దొంగతనం. ఎర్రర్ రాదు, అంకెలు ఊగవు, మొత్తం సరిగ్గా 1 ఉంటుంది.

నా విషయంలో ఇది బయటపడిన తీరు చెప్తాను. ఒక చోట పనిచేసేటప్పుడు మా అంతర్గత డాక్యుమెంట్ల కోసం చిన్న సెర్చ్ రాశాను. వాటిలో పీడీఎఫ్‌లు బోలెడు. ర్యాంకింగ్ నడిపితే అందరికన్నా పైన ఎవరూ తెరవని ఒక పాత ఫారం వచ్చి కూర్చుంది. దానికి నేరుగా లింకు ఇచ్చిన పేజీ ఒకే ఒక్కటి. కాకపోతే ఆ పేజీ ‘తర్వాతి పేజీ, తర్వాతి పేజీ’ అంటూ సాగే ఒక పొడవాటి మాన్యువల్‌లో చివరిది. మొదట లింకులు తీసే కోడ్‌నే అనుమానించాను, తర్వాత మ్యాట్రిక్స్ తిరగేసి రాశానేమోనని చూశాను (అడ్డువరుసలు, నిలువువరుసలు తారుమారవడం ఈ పనిలో మామూలే). రెండూ బాగానే ఉన్నాయి. చివరికి భాగించడానికి ముందు మొత్తాన్ని ప్రింట్ చేస్తే 0.81 కనిపించింది. 0.85ని 0.81తో భాగిస్తే దాదాపు 1.05.

అప్పుడు ఫారం సంగతి అర్థమైంది. సరైన పద్ధతిలో పది లింకుల దూరం నుంచి వచ్చే వాటాకి 0.85 పదో ఘాతం, అంటే సుమారు 0.2 బరువు ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ పలుకుబడి తగ్గాలి కదా. నా కోడ్‌లో అదే బరువు 1.05 పదో ఘాతం, సుమారు 1.63. దూరం పెరిగేకొద్దీ బరువు పెరుగుతోంది! పొడవాటి గొలుసు చివర కూర్చున్నవాడికి పట్టాభిషేకం జరిగింది. మీ ఫలితాల్లో కూడా ఇలా గొలుసు చివరి పేజీలు పైకి తేలుతున్నాయేమో చూడండి, ఈ జబ్బుకి అది మంచి లక్షణం.

సరిచేయడం తేలిక. డాంగ్లింగ్ పేజీకి వచ్చినవాడు దారిలేక ఏదో ఒక పేజీకి దూకుతాడని అనుకోండి. అంటే అక్కడ పోయే ర్యాంకును ప్రతి రౌండులో పోగుచేసి అందరికీ సమానంగా పంచాలి.

```python
def rank(links, d=0.85, tol=1e-8):
    n = len(links)
    x = [1/n] * n
    while True:
        lost = sum(x[i] for i in range(n) if not links[i])
        y = [(1 - d)/n + d*lost/n] * n
        for i in range(n):
            for j in links[i]:
                y[j] += d * x[i] / len(links[i])
        diff = sum(abs(a - b) for a, b in zip(x, y))
        x = y
        if diff < tol:
            return x
```

చేత్తో ఒక రౌండు వేద్దాం. గ దగ్గర పోయేది 0.25. కాబట్టి ప్రతి పేజీకి కనీస వాటా 0.0375 + 0.85 × 0.25 / 4, అంటే 0.090625. క, ఘలకి అదే మిగులుతుంది. ఖకి క నుంచి 0.10625 కలిసి 0.196875 అవుతుంది. గకి మూడు వైపుల నుంచి 0.53125 కలిసి 0.621875 అవుతుంది. కూడి చూసుకోండి, సరిగ్గా 1. చివరికి క, ఘ చెరి 0.145, ఖ 0.206, గ 0.504 దగ్గర ఆగుతాయి. ఎక్కడా భాగించలేదు. మొత్తం ఎప్పుడైనా 1 నుంచి కదిలితే కోడ్‌లో తప్పుందని అర్థం. ప్రతి రౌండులో భాగించేవాళ్లు ఈ హెచ్చరికనే చెరిపేసుకుంటున్నారు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. అసలు పంచకుండా, కారిపోయేదాన్ని కారనిచ్చి, మధ్యలో ఎక్కడా భాగించకుండా, కన్వర్జ్ అయ్యాక ఒకే ఒక్కసారి మొత్తంతో భాగించండి. సరిగ్గా ఇవే అంకెలు వస్తాయి. మన ఉదాహరణలో మొత్తం 0.259 దాకా కారిపోయి ఆగుతుంది, దానితో భాగిస్తే గకి మళ్లీ 0.504. పోయిన ర్యాంకును అందరికీ సమానంగా పంచడమంటే ఆ స్థిరాంకాన్ని కాస్త పెంచడమే. స్థిరాంకం పెరిగితే జవాబు మొత్తం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, దిశ మారదు. అంటే మీ కోడ్‌లో ఆ ఒక్క లైన్‌ను లూప్ లోపలి నుంచి బయటికి జరిపినా చాలు. నేనైతే పంచే పద్ధతే వాడతాను, మొత్తం 1 అన్న తనిఖీ చేతిలో ఉంటుందని. ఒక షరతు కూడా ఉంది. దూకే వాటాను కొన్ని పేజీలకే పరిమితం చేసి, డాంగ్లింగ్ ర్యాంకును మాత్రం అందరికీ పంచితే ఈ రెండు దారులూ ఒకే జవాబివ్వవు.

లారీ పేజ్, సెర్గీ బ్రిన్ బృందం రాసిన మొదటి పేజ్‌ర్యాంక్ పేపర్‌లో మూడో దారి పట్టారు. డాంగ్లింగ్ లింకులను ముందే తీసేసి లెక్క వేసి, ర్యాంకులు తేలాక వాటిని తిరిగి చేర్చారు. ఇందులో ఒక తిరకాసుంది. ఒక పేజీని తీసేస్తే దానికి మాత్రమే లింకిచ్చిన మరో పేజీ కొత్తగా డాంగ్లింగ్ అవుతుంది, కాబట్టి తీసేయడాన్ని కూడా కొన్ని రౌండ్లు చేయాలి. మన ఉదాహరణలో గని తీస్తే ఖ, ఘ, ఆ వెంటనే క కూడా పోయి ఏమీ మిగలదు!

సరిచేశాక ఇంకొక తనిఖీ పెట్టుకోండి: ఈ రౌండు diffని ముందు రౌండు diffతో భాగించి ప్రింట్ చేయండి. పంచే పద్ధతిలో మ్యాట్రిక్స్ రెండో ఐగెన్ విలువ పరిమాణం dని దాటదు, తేడా ప్రతి రౌండుకీ కనీసం ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. కాబట్టి మీకు 0.85 కానీ అంతకంటే తక్కువ కానీ కనిపించాలి. 0.85 లెక్కన తేడా పది కోట్లో వంతుకి తగ్గడానికి దాదాపు 113 రౌండ్లు చాలు. అదే పేపర్‌లో 32.2 కోట్ల లింకులకు సుమారు 52 రౌండ్లలోనే సరిపడా కచ్చితత్వం వచ్చిందని రాశారు. క్రమం తేలడానికి అంత చిన్న tol అక్కర్లేదు. ఎవరైనా d = 0.99 పెట్టమంటే మాత్రం అదే tolకి 1,800కి పైగా రౌండ్లు పట్టొచ్చని ముందే చెప్పండి.