మెనోపాజ్ తర్వాత బరువు: డైట్ కంటే ముందు ఆ మాత్ర సంగతి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 54. ఎత్తు 155 సెం.మీ., బరువు 68 కిలోలు. ముట్లు ఆగి మూడేళ్లయింది. నాలుగేళ్ల కిందట 61 కిలోలే ఉండేదాన్ని. తిండి ఏమీ పెంచలేదు, పొట్ట మాత్రం పెరుగుతోంది. రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటున్నా. మా చెల్లెలు వాడే థైరాయిడ్ మాత్ర రెండు నెలలుగా నేనూ వేసుకుంటున్నా. అయినా తగ్గలేదు. ఈమధ్య గుండె దడ, నిద్ర పట్టదు. అది మెనోపాజ్ వల్లే అంటున్నారు. బరువు తగ్గడానికి ఏ డైట్ మంచిది?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: డైట్ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ మాత్ర ఆపండి. ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించుకుని ఈసీజీ, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించుకోండి. దడ, నిద్రలేమి మెనోపాజ్‌లోనూ వస్తాయి, నిజమే. కానీ అవసరం లేని థైరాయిడ్ మందు వేసుకున్నా అచ్చం ఇలాగే ఉంటుంది. మిమ్మల్ని చూడకుండా ఏది కారణమో నేను చెప్పలేను. ముట్లు ఆగాక ఎముకలు ఎలాగూ త్వరగా పలచబడతాయి. మందు ఎక్కువైతే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది, గుండె లయ తప్పే ప్రమాదమూ ఉంది. పైగా కండ కరుగుతుంది, ఈ వయసులో మీరు కాపాడుకోవాల్సిందే అది. మీ చెల్లెలి రిపోర్టు చూసి ఆమె డాక్టర్ ఆ మాత్ర రాశారు. మీ రిపోర్టు ఎవరు చూశారమ్మా? షాపులో అడిగితే ఇస్తున్నారు కదా అని వేసేసుకుంటే ఎలా?

డాక్టర్ దగ్గర ఈ సంగతి దాచకండి. ఆ మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. ఇప్పుడు చేసే పరీక్షలో మందు ఎక్కువైందా లేదా అన్నది తెలుస్తుంది, అంతే. మీ థైరాయిడ్ అసలు ఎలా పనిచేస్తోందో తెలియాలంటే ఆరు వారాలాగి మళ్లీ చేయించాలి. ఒకవేళ నిజంగానే థైరాయిడ్ తక్కువని తేలినా, దానివల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. అందులోనూ చాలామటుకు ఒంట్లో నిలిచిన ఉప్పు, నీరు. ఏడు కిలోలనూ దాని నెత్తిన వేయడం కుదరదు.

తిండి పెంచలేదన్న మీ మాట నేను నమ్ముతాను. వయసుతో కండ తగ్గుతుంది, తిరుగుడూ తగ్గుతుంది. దాంతో ఒకప్పుడు సరిపోయిన తిండే ఇప్పుడు కాస్త మిగులుతుంది. మీ లెక్కే చూడండి. నాలుగేళ్లలో ఏడు కిలోలంటే, సగటున రోజుకు 40 క్యాలరీలకు మించి మిగల్లేదు. అది ఒక చిన్న ఇడ్లీ. కంచంలో ఆ తేడా ఎవరికి కనబడుతుంది? బరువు పెరగడంలో ఎక్కువ పాత్ర వయసుదే. మెనోపాజ్ చేసేది వేరు. ఈస్ట్రోజన్ తగ్గాక, అంతకుముందు తొడలకు, పిరుదులకు పట్టే కొవ్వు పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరుతుంది. అందుకే మీ విషయంలో తూకం కంటే టేపు ఎక్కువ చెబుతుంది. నడుము 80 సెం.మీ. దాటితే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి.

అన్నం బదులు నూనె రాసిన చపాతీలు మూడు తింటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. మన ఇళ్లలో తక్కువగా ఉండేది ప్రొటీన్. కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకు 60 గ్రాముల దాకా మీకు అవసరం. గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి, కాబట్టి ఒక గుడ్డుతో సరిపెట్టుకోకండి. ఉదయం ఉప్మా బదులు పెసరట్టు, మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట పప్పో, కానాగంతల పులుసో, పెరుగో పెంచండి. పులుసులో నూనె మాత్రం చూసుకోండి.

బీచ్ రోడ్డు నడక మంచిదే, కానీ దానితో కండ పెద్దగా పెరగదు. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదేసి సార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, నీళ్ల సీసాలు ఎత్తడం చేయండి. మోకాళ్లు నొప్పి పెడితే ఫిజియోథెరపిస్టును అడగండి. దడ సంగతి తేలేదాకా ఇవేవీ వద్దు, నెమ్మది నడక చాలు.

ఇదంతా సరిగ్గా చేస్తే ఆరు నెలల్లో మూడు నాలుగు కిలోలు తగ్గవచ్చు. అంతమాత్రానికే షుగర్, బీపీలో తేడా కనిపించవచ్చు. తిరిగి 61కి వస్తారని మాత్రం మాట ఇవ్వలేను. హార్మోన్ చికిత్స ఒంట్లో ఆవిర్లకు పనికొస్తుంది, బరువు తగ్గించడానికి కాదు. ఇప్పుడు అందరూ అడుగుతున్న సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లతో బరువు తగ్గుతుంది, దాంతోపాటు కొంత కండా పోతుంది, ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. మీ బీఎంఐ 28. షుగర్ లాంటివి తోడుంటే మీ డాక్టర్ ఆ ఆలోచన చేయవచ్చు. అవి కూడా ఇంకెవరో వాడుతున్నారని కొనకండి.

ఈలోగా దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి, ఆ మాత్రల షీటు కూడా చేత్తో పట్టుకెళ్లండి.